మామిడిపళ్ళ మీద నల్ల మచ్చలు: ఫొటోలు పెట్టాను, ఏవి తినొచ్చో ఏవి పారేయాలో చెప్పండి

సిరి_కూకట్‌పల్లి · శనివారం, రాత్రి 9:40

విస్సన్నపేట దగ్గర మా మామగారి తమ్ముడి తోట నుంచి ఒక పెట్టె బంగినపల్లి వచ్చింది, బస్సు పార్శిల్‌లో వేస్తే రెండు రోజులకి చేరింది. మొత్తం 30 కాయలు. గురువారం విప్పినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి, సగం పచ్చి సగం దోర. గడ్డి దొరక్క పాత న్యూస్‌పేపర్లలో పెట్టాను. ఇవాళ సాయంత్రం చూస్తే 11 కాయలకి మచ్చలు! కొన్నిటికి ముచ్చిక దగ్గర నుంచి కిందికి నల్ల చారలు, కొన్నిటికి అక్కడక్కడా గుండ్రని మచ్చలు, రెంటికి ముచ్చిక చుట్టూ గోధుమరంగు. ఒకదానికి ఏదో కొరికినట్టు గాటు కూడా ఉంది.

మా అత్తయ్య మచ్చ కోసేసి తినండి ఏం కాదు అంటారు. మా ఆయన మొత్తం 11 డస్ట్‌బిన్‌లో వేసేయమంటాడు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, అదే టెన్షన్. ఫొటోలు 1 నుంచి 6 వరకు పెట్టాను, చూసి చెప్పండి.

గోదావరి_రాజు · శనివారం, రాత్రి 9:58

మీ అత్తయ్యగారు చెప్పిందే కరెక్ట్ అమ్మా. మా చిన్నప్పుడు మచ్చలేని మామిడిపండు మేం చూడనే లేదు. చాకుతో ఆ ముక్క తీసేయడం, మిగతాది తినడం. ఇంకా అనుమానం ఉంటే బకెట్ నీళ్ళలో వేయండి, మునిగింది మంచిది, తేలింది పాడైంది.

జాగ్రత్త_జనార్దన్ · శనివారం, రాత్రి 10:05

ఫొటో 2 లో పళ్ళు ఒకే రకంగా పసుపు పచ్చగా ఉన్నాయి, అది కార్బైడ్ పనే. కార్బైడ్ వేసిన పళ్ళు తింటే ఆరోగ్యం పాడవుతుంది, దాన్ని ప్రభుత్వం నిషేధించింది కూడా. మార్కెట్లో కొనేటప్పుడు చూసుకోవాలి.

సిరి_కూకట్‌పల్లి · శనివారం, రాత్రి 10:09

జనార్దన్ గారూ, కొనలేదండీ, మా వాళ్ళ తోటవే. పచ్చిగా వచ్చాయి, నేనే పేపర్లో ముగ్గవేశాను. నేను అడిగింది మచ్చల గురించి.

పండ్లగోదాం · శనివారం, రాత్రి 10:31

తిరుపతి దగ్గర ఒక ప్యాక్‌హౌస్‌లో చాలా ఏళ్ళు గ్రేడింగ్ చూశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మొదట ఒక మాట, మీవాళ్ళు మిమ్మల్ని మోసం చేయలేదు, చెడ్డ కాయలూ పంపలేదు. పూత మీదో చిన్న పిందె మీదో ఉన్నప్పుడు వాన జల్లో మంచో పడితే ఆ తెగులు శిలీంధ్రం తోలులోకి దూరి అక్కడే నిద్రపోతుంది. కాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కనిపించదు. పండడం మొదలైందంటే నిద్ర లేస్తుంది. అందుకే గురువారం శుభ్రంగా ఉన్న కాయకి శనివారం మచ్చలు వచ్చాయి. దీన్నే ఆంత్రాక్నోస్ అంటారు, మా ఊరి రైతులు మచ్చ తెగులు అనేస్తారు.

ఇప్పుడు మీ ఫొటోలు. మీకు ఉన్నవి నాలుగు రకాలు, 11 ని ఒకే గంపలో వేసి చూడకండి. ఫొటో 1 లో నాలుగు కాయలకి ముచ్చిక నుంచి కిందికి దిగిన చారలు నాకు సొన మరకలుగా కనబడుతున్నాయి. కాయ కోసినప్పుడు ముచ్చిక నుంచి సొన కారి తోలు మీద పడితే అక్కడ తోలు మాడుతుంది. లోపల కండకి ఏమీ కాదు. ఫొటో 2, 3 లోని నాలుగింటికి గుండ్రని మచ్చలు, కొంచెం లోపలికి దిగి ఉన్నాయి, అది మచ్చ తెగులే. ఫొటో 4, 5 లో ముచ్చిక చుట్టూ గోధుమ రంగు వలయం ఉన్న రెండూ నాకు నచ్చలేదు, అది ముచ్చిక కుళ్ళులా ఉంది, వేరే జాతి శిలీంధ్రం, చాలా వేగంగా దిగుతుంది. ఫొటో 6 లో కొరికిన కాయ గురించి చర్చే లేదు, పారేయండి.

కానీ సొన మరక, తెగులు చార రెండూ ముచ్చిక నుంచే కిందికి దిగుతాయి, ఒక్క ఫొటోతో నేను బల్లగుద్ది చెప్పలేను. కాబట్టి ఒక పని చేయండి. అనుమానం ఉన్న ప్రతి మచ్చ చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి, మచ్చ అంచు మీదే. కాయకి ఒక నెంబరు రాయండి. రేపు ఉదయం మళ్ళీ ఫొటో తీయండి. మచ్చ గీత దాటిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. సొన మరక ఎన్ని రోజులైనా గీత దాటదు.

కెమెరా_కిశోర్ · శనివారం, రాత్రి 10:47

ఒక చిన్న మాట. మీ ఫొటోలన్నీ వంటింట్లో పసుపు బల్బు కింద తీసినట్టున్నాయి. ఆ వెలుతురులో పచ్చి కాయ కూడా పండినట్టు, గోధుమరంగు మచ్చ నల్లగా కనబడుతుంది. రేపు పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. కాగితం తెల్లగా కనబడితే రంగులు నమ్మొచ్చు. ఫ్లాష్ వేయకండి, దాని మెరుపులో మచ్చ నునుపుగా ఉందో గుంటపడిందో తెలీదు. కొంచెం పక్క నుంచి వెలుతురు పడేట్టు తీస్తే గుంటకి నీడ వస్తుంది.

ఇంకోటి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నునుపైపోతుంది, సన్నని బూజు ఉన్నా కనిపించదు. డాక్యుమెంట్‌గా పంపి దాన్నే ఇక్కడ ఎక్కించండి.

డల్లాస్_వెంకట్ · శనివారం, రాత్రి 11:15

మా దగ్గర మెక్సికో నుంచి వచ్చే అటౌల్ఫో రకం పసుపు మామిడి దొరుకుతుంది. అది తోలు ముడతలు పడేదాకా ఆగాలి, ముడతలు పడ్డాకే అసలు తీపి. మొదట్లో తెలీక ముడతలు పడ్డాయని ఒక డబ్బా మొత్తం పారేశాను, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కాబట్టి ముడత అంటే పాడైందని అనుకోకండి.

పండ్లగోదాం · శనివారం, రాత్రి 11:26

వెంకట్ గారూ, ఆ రకానికి మీరన్నది నిజమే. బంగినపల్లికి ముడత అంత మంచి గుర్తు కాదు, ముడత పడిందంటే మిగలముగ్గిందో నీరు పోయిందో. తినడానికి పనికొస్తుంది, కానీ రుచి దిగిపోతుంది. రకం తెలీకుండా రంగు చూసి చెప్పడం కష్టమే. చిన్న రసాలు పండాక కూడా పచ్చగానే ఉంటాయి చూడండి, ఆ ఫొటో పెట్టి పచ్చివా అని అడిగేవాళ్ళు ఏటా వస్తారు.

రాజు గారూ, నీళ్ళలో వేయడం పరీక్ష గురించి. అది కోత సమయంలో కాయ ముదిరిందా లేదా చూడటానికి కొందరు వాడతారు, ముదిరింది మునుగుతుంది. కుళ్ళిందో లేదో దానితో తెలీదు. పైగా ఇప్పుడు తడిపితే మచ్చలు ఇంకా పెరుగుతాయి.

గోదావరి_రాజు · శనివారం, రాత్రి 11:34

సరే మీరు చెప్పారు కాబట్టి ఒప్పుకుంటాను, ముదిరినదీ కుళ్ళినదీ ఒకటి కాదు. కానీ మచ్చ కోసి తినడం మాత్రం నేను ఆపను.

సిరి_కూకట్‌పల్లి · ఆదివారం, ఉదయం 8:20

లేచీ లేవగానే ఇదే పని. రాత్రే పెన్ను గీతలు గీసి నెంబర్లు రాశాను, ఇప్పుడు పక్కన తెల్ల కాగితం పెట్టి తీశాను, ఫొటోలు 7 నుంచి 10 వరకు చూడండి. రాత్రంతా ఏసీ లేని గదిలో ఉన్నాయి.

చారలున్న 1, 2, 3 కాయలు గీత దాటలేదు. 4 దాటింది! పైగా ఇప్పుడు చూస్తే అది నున్నటి చార కాదు, చిన్న చిన్న నల్ల చుక్కలు వరసగా ఉన్నట్టుంది. గుండ్రని మచ్చలున్న 5, 6, 7, 8 నాలుగూ కొంచెం కొంచెం పెరిగాయి, శనగగింజంత ఉన్నది బఠాణీ గింజంత అయింది. ముచ్చిక దగ్గరవి 9, 10, ఇవి మాత్రం భయంగా ఉన్నాయి, నిన్న రూపాయి బిళ్ళంత ఉన్న వలయం ఇవాళ కాయలో మూడోవంతు దాకా దిగింది, నొక్కితే మెత్తగా నీరు ఊరుతోంది. 11 కొరికింది, రాత్రే పారేశాను.

పండ్లగోదాం · ఆదివారం, ఉదయం 8:52

4 విషయంలో నేను తప్పు చెప్పాను, అది సొన కాదు. మచ్చ తెగులు శిలీంధ్రం వానతోనో మంచుతోనో ముచ్చిక నుంచి కారుతూ వచ్చి అలా కన్నీటి చారలా మరకలు వేస్తుంది. పసుపు బల్బు కింద అవి కలిసిపోయి ఒకే చారలా కనిపించాయి. పగటి ఫొటోలో చుక్కలు విడివిడిగా స్పష్టంగా ఉన్నాయి. చూడండి, నిన్నటి ఒక్క ఫొటో మీదే ఆగి ఉంటే తప్పే నిలిచిపోయేది.

1, 2, 3 సొన మరకలే, కడిగి తోలు తీసి తినండి, పాపకి కూడా పెట్టొచ్చు. 9, 10 కోయకుండా పారేయండి, పేపర్లో చుట్టి. అవి మిగతావాటికి తగిలి ఉంటే, పక్కన ఉన్నవి తడిబట్టతో కాకుండా పొడిబట్టతో తుడిచి వేరే చోట పెట్టండి, ముఖ్యంగా కారిన రసం పడినవి.

మిగిలినవి 4, 5, 6, 7, 8, అంటే ఐదు. ఇవి వెంటనే, అంటే ఇవాళే, కోయాలి. మచ్చ తెగులు మొదట్లో తోలుకి పరిమితంగా ఉంటుంది, పెరిగే కొద్దీ కండలోకి దిగుతుంది. కోసి మచ్చ కింద కండ చూడండి, రంగు మారకుండా గట్టిగా ఉంటే ఆ చుట్టూ ఒక అంగుళం తీసేసి మిగతాది తినొచ్చని నా అభిప్రాయం. కింద కండ గోధుమరంగులోకి మారి నీరులా ఉంటే ఆ పండు మొత్తం తీసేయండి. వాసన చూడటం మర్చిపోకండి. పులిసిన వాసన, సారా వాసన, చిరుబుడగలు, ఇవి ఫొటోలో రావు.

అనిత_ల్యాబ్ · ఆదివారం, ఉదయం 9:30

నేను ఫుడ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పండ్లగోదాం గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప.

మామిడిని పాడుచేసే ఈ రెండు శిలీంధ్రాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తిన్నందువల్ల జబ్బు తెచ్చేవి కావు, ఆ మేరకు రాజు గారి అనుభవం అబద్ధం కాదు. సమస్య ఎక్కడంటే, అవి తోలు తెరిచాక ఆ దారిలో ఇంకెవరైనా దూరతారు, ఈస్టులు, బ్యాక్టీరియా, వేరే బూజులు. మామిడి మీద నల్లటి పొడిలా రాలే బూజు కూడా వస్తుంది, అది మచ్చ తెగులు కాదు. గట్టిగా ఉండే క్యారెట్, క్యాబేజీలో బూజు చుట్టూ ఒక అంగుళం కోసేసి వాడొచ్చని ఆహార భద్రతా సలహాలు చెప్తాయి. మెత్తటి పండులో బూజు కనబడితే పారేయమంటాయి, ఎందుకంటే మెత్తటి కండలో బూజు దారాలు కంటికి కనబడకుండా చాలా దూరం పోతాయి. పండిన మామిడి మెత్తటిదే కదా. అందుకే ఒక అంగుళం లెక్క పచ్చి కాయకి సరే గానీ బాగా పండినదానికి నేను వాడను. మీ ఇంట్లో పాప ఉంది కాబట్టి ఆ ఐదూ పాపకి పెట్టకండి. పెద్దవాళ్ళు తింటే మీ ఇష్టం.

ఇంకో మాట, కొంతమంది కుళ్ళిన భాగం తీసి మిగతాది ఉడికిస్తే అంతా పోతుందనుకుంటారు. ఆపిల్ కుళ్ళులో పాట్యులిన్ అనే విషం తయారవుతుంది, అది వేడికి అంత తేలిగ్గా పోదు. మామిడికి అదే వస్తుందని నేను అనడం లేదు, ఉడికించడం అన్నిటికీ మందు కాదని చెప్పడానికి చెప్పాను.

పండ్లగోదాం · ఆదివారం, ఉదయం 9:44

అనిత గారూ, బూజు అంటే దూదిలా పైకి లేచింది కనబడితే నేనూ పారేయమనే అంటాను. ఇక్కడ పైకి లేచిన బూజు లేదు, పగటి ఫొటోలో మచ్చ అంచు శుభ్రంగా ఉంది, కండ రంగు చూశాకే నిర్ణయం అన్నాను. గోదాములో మేం వేల కాయలు ఇలాగే విడదీసేవాళ్ళం. కానీ చిన్నపిల్లల మాట వచ్చాక నేను వాదించను.

మౌనిక_విజయవాడ · ఆదివారం, ఉదయం 10:02

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా ఇంట్లో అరటిపళ్ళ తోలు మొత్తం నల్లటి మచ్చలు వేసింది, అవి కూడా ఇదేనా?

అనిత_ల్యాబ్ · ఆదివారం, ఉదయం 10:10

గోధుమరంగు చుక్కలే అయితే అది పండు బాగా ముగ్గిందని, ఎంచక్కా తినేయండి. ఒలిచి చూడండి, లోపల తెల్లగా గట్టిగా ఉంటే సరే. కాడ దగ్గర తెల్ల బూజు ఉన్నా, లోపల నీరు కారుతున్నా, పులిసిన వాసన వచ్చినా వద్దు. మామిడి మచ్చతో కలపకండి, ఒక్కో పండుకి తోలు కథ వేరు.

సిరి_కూకట్‌పల్లి · ఆదివారం, మధ్యాహ్నం 12:35

ఐదూ కోశాను. 5, 7, 8 లో మచ్చ కింద కండ మామూలుగా ఉంది, పసుపు, గట్టిగా. 4, 6 లో మచ్చ కింద కండ గోధుమరంగు, వేలు పెడితే గుజ్జు. ఆ రెండూ పారేశాను. 5, 7, 8 పెద్దవాళ్ళం తిన్నాం, వాసన రుచి బాగానే ఉన్నాయి, పాపకి 1, 2 కోసి పెట్టాను.

ఇప్పుడు అసలు దెబ్బ. మచ్చ ఒక్కటీ లేని 19 లోంచి ఒకటి కోస్తే లోపల పురుగులు! తెల్లగా, ఒక్కోటి బియ్యపుగింజంత, కదులుతున్నాయి. కొన్ని గెంతుతున్నాయి కూడా! పైనుంచి చూస్తే పండు మెరిసిపోతోంది. అత్తయ్య అది పండుఈగ పని అన్నారు.

పండ్లగోదాం · ఆదివారం, మధ్యాహ్నం 12:58

అత్తయ్యగారు సరిగ్గానే చెప్పారు. పండుఈగ కాయ పండేటప్పుడు తోలుకి సూదిలా గుచ్చి గుడ్లు పెడుతుంది. ఆ చోట సూదిమొనంత చుక్క, ఒక్కోసారి అక్కడ కారిన జిగురు బొట్టు. దాన్ని ఫొటోలో పట్టుకోవడం దాదాపు అసాధ్యం, పట్టుకున్నా మామూలు మచ్చగానే అనిపిస్తుంది. పిల్ల పురుగు పొదగడానికి ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత లోపలంతా తిని పెరుగుతుంది. రసాలకి, ముఖ్యంగా తొలకరి వానలు పడ్డాక కోసే కాయలకి ఎక్కువ.

చేతితో మాత్రం కొంచెం తెలుస్తుంది. పండు మొత్తం గట్టిగా ఉండి ఒక్క చోట మాత్రం లోపల బోలుగా, మెత్తగా నొక్కుకుపోతే అనుమానించాలి. అందుకే గ్రేడింగ్‌లో మా వాళ్ళు ప్రతి కాయనీ చేత్తో తిప్పి చూసేవారు, కెమెరాతో కాదు. మిగిలిన 18 తినే ముందు ఒక్కోదాన్ని మధ్యలోంచి కోసి చూసి తినండి, కొరుక్కు తినకండి.

గోదావరి_రాజు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

పురుగు కనబడితే ఆ పండు పారేయండి. చూడకుండా ఒకటి మింగేశామని ఎవరూ భయపడనక్కర్లేదు, విషం కాదు. మా ఊళ్ళో మామిడి తోటలో కూర్చుని తిన్నవాళ్ళందరూ ఎన్ని మింగుంటారో.

అనిత_ల్యాబ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:22

అది నిజమే, విషం కాదు. పురుగు తిన్న చోట కండ పులిసి ఉంటుంది కాబట్టి మిగతాది తినొద్దంటాం.

జాగ్రత్త_జనార్దన్ · ఆదివారం, మధ్యాహ్నం 2:40

నేను నిన్న ప్రశ్న సరిగ్గా చదవలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఫొటో చూసి కార్బైడ్ కనిపెట్టే పద్ధతి ఉందా లేదా?

పండ్లగోదాం · ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఉందని నేను అనను. తోలు సమానంగా పసుపుపచ్చ అవడం కార్బైడ్‌కే సొంతం కాదు, ఎథిలీన్ గదిలో ముగ్గవేసినా అలాగే వస్తుంది. ఆ గ్యాస్ వాయు రూపంలో 100 పీపీఎం దాకా వాడటానికి మన నిబంధనల్లో అనుమతి ఉంది. ఫొటోలో మీరు చూసేది రంగు, అంతకన్నా ఏం లేదు. చేతిలోకి తీసుకుంటే తెలిసేది ఏమిటంటే, పైకి పసుపు, లోపల గట్టి, వాసన లేదు, కోస్తే టెంక దగ్గర తెల్లగా పుల్లగా ఉంది అంటే తొందరగా ముగ్గవేశారని. ఏం వేశారో మాత్రం చెప్పదు.

సిరి_కూకట్‌పల్లి · ఆదివారం, రాత్రి 8:10

మా ఆయన ఇంకా గట్టిగా ఉన్న 6 కాయల్ని పాడవకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాడట, మధ్యాహ్నం. నాకు ఇప్పుడే తెలిసింది. పర్వాలేదా?

పండ్లగోదాం · ఆదివారం, రాత్రి 8:17

వెంటనే బయటికి తీయండి. పండని మామిడిని దాదాపు 13 డిగ్రీల లోపు ఉంచితే తోలు బూడిదరంగులోకి మారి గుంటలు పడుతుంది, తర్వాత సరిగ్గా పండదు. మీ ఫ్రిజ్ 4, 5 డిగ్రీలు ఉంటుంది. పండినవి పెట్టుకోండి, కోసిన ముక్కలైతే తప్పకుండా పెట్టండి, ఈ ఎండల్లో గంటకి మించి బయట ఉంచకండి. కొన్ని గంటలే అయింది కాబట్టి పెద్ద నష్టం జరిగి ఉండకపోవచ్చు.

డల్లాస్_వెంకట్ · ఆదివారం, రాత్రి 9:02

అయితే మా షాపులో పచ్చి మామిడి చల్లగా ఉన్న అరలో పెట్టి అమ్ముతారు, ఇంటికి తెస్తే పది రోజులైనా పండదు, అది ఇదేనా?

పండ్లగోదాం · ఆదివారం, రాత్రి 9:10

అది కూడా కావచ్చు, అసలు ముదరకముందే కోసినదీ కావచ్చు. కోసి టెంక రంగు చూడకుండా చెప్పలేను.

సిరి_కూకట్‌పల్లి · బుధవారం, సాయంత్రం 6:30

ఫ్రిజ్ కాయల సంగతి చెప్దామని వచ్చాను. ఆరింటిలో నాలుగు మామూలుగా పండాయి. రెంటికి మాత్రం తోలు బూడిదరంగు, అక్కడక్కడా చిన్న గుంటలు, ఫొటో 11 చూడండి. వాసన బాగానే ఉంది, నొక్కితే మెత్తబడలేదు. పారేయాలా? ఇది మచ్చ తెగులు కాదు కదా?

పండ్లగోదాం · బుధవారం, సాయంత్రం 7:05

ఆ రెండూ ఫ్రిజ్ వెనక గోడకి తగిలి ఉండొచ్చు, అక్కడ చలి ఎక్కువ. గుంట అంచులు నల్లగా లేవు, విడివిడిగా సన్నగా ఉన్నాయి, మచ్చ తెగులు కాదనిపిస్తోంది. ప్రమాదం లేదు, రుచే ఉండదు. అలా దెబ్బతిన్న తోలు మీద తెగులు త్వరగా పడుతుంది కాబట్టి ఇంకో రోజు చూద్దాం అనకుండా రేపే కోయండి. తీపి లేకపోతే ఉప్పు కారం చల్లుకుని తినేయండి, ఇంకేం చేస్తాం. మళ్ళీ గీత గీసి ఫొటో పెడతానంటే నేను ఇక్కడే ఉంటాను.

అనిత_ల్యాబ్ · బుధవారం, సాయంత్రం 7:20

నాకు ఆ ఫొటోలో కుడివైపు కాయకి ముచ్చిక దగ్గర గోధుమరంగు కనబడుతోంది, సన్నగా. పండ్లగోదాం గారూ మీకు కనబడలేదా?

పండ్లగోదాం · బుధవారం, సాయంత్రం 7:26

పెద్దది చేసి చూశాను, నీడలా అనిపించింది. సిరి గారూ, ఆ కాయని తిప్పి ముచ్చిక ఒక్కటే దగ్గరగా, తెల్లకాగితం పక్కన పెట్టి ఇంకో ఫొటో పెట్టండి.